వడ్డీ, వసూలు, డివిడెండు: మా సొసైటీ మహాజన సభలో చదివిన లెక్క

విశాఖపట్నం జిల్లాలో ఆనందపురం దాటి పద్మనాభం వైపు వెళ్లే ప్రాంతంలోని ఒక గ్రామంలో, ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘానికి నేను కార్యదర్శిని. కాగితాల మీద ఈ ఉద్యోగానికి ఇప్పుడు ముఖ్య కార్యనిర్వహణాధికారి అని పెద్ద పేరు ఉన్నా, ఊళ్లో అందరికీ నేను సెక్రటరీనే. ఏటా మార్చి 31తో లెక్కలు ముగించి, ఆడిట్ పూర్తి చేయించుకుని, సభ్యులందరినీ పిలిచి ఆ సంవత్సరం వచ్చిన వడ్డీ ఎంత, వసూలైన అప్పు ఎంత, సభ్యులకు పంచే డివిడెండు ఎంత అని చదివి వినిపించడం నా విధి. ఈసారి చదివిన నివేదికకు ఒక ప్రత్యేకత ఉంది. ఎన్నో ఏళ్లుగా మోస్తూ వచ్చిన పాత నష్టం కిందటి సంవత్సరంతో పూర్తిగా తీరిపోయింది. పాత నష్టం పుస్తకాల్లో ఉన్నంత కాలం ఆ ఏడాది లాభం వచ్చినా పంచడానికి వీలుండదు. అందువల్ల డివిడెండు అనే మాటను సభలో చెప్పుకొనే అవకాశం చాలా కాలానికి వచ్చింది. ఆ నివేదికను ఎలా తయారు చేశానో, సభలో ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. అంకెలను చదువరుల సౌకర్యం కోసం గుండ్రంగా ఇస్తున్నాను.

మా సభ్యుల్లో ఎక్కువమంది వరి పండించే చిన్న రైతులు. కూరగాయలు, పూలు వేసి నగరానికి పంపేవారూ కొందరు ఉన్నారు. సభ్యుల వద్ద ఉన్న అప్పు మొత్తం సుమారు రూ. 4 కోట్లు. సభ్యుల వాటా ధనం రూ. 40 లక్షలు. మా దగ్గర అప్పు తీసుకునే ప్రతి సభ్యుడూ అప్పు మొత్తంలో పదో వంతును వాటా ధనంగా కట్టాలి. రూ. 60 వేల అప్పు మంజూరైతే అందులో రూ. 6 వేలు వాటా కిందకు వెళుతుంది. మేము అప్పులకు ఇచ్చే డబ్బులో అధిక భాగం జిల్లా సహకార కేంద్ర బ్యాంకు నుంచి తెచ్చినదే కనుక, సభ్యుడు కట్టే వడ్డీలో పెద్ద వాటా తిరిగి ఆ బ్యాంకుకే చేరుతుంది. మధ్యలో మిగిలే సన్నని తేడాతోనే జీతాలు, కరెంటు బిల్లు, గోదాము మరమ్మతు అన్నీ గడవాలి.

మొదట వడ్డీ సంగతి. ఈ సంవత్సరం సభ్యుల అప్పుల మీద లెక్కకు వచ్చిన వడ్డీ రూ. 32 లక్షలు. నివేదికలో ఈ ఒక్క అంకె వేసి ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టరు, చప్పట్లు కూడా పడతాయి. అయితే ఆ 32 లక్షల్లో నగదుగా చేతికి అందినది రూ. 25.5 లక్షలే. మరో రూ. 3 లక్షలు గడువు ఇంకా రాని అప్పుల మీద మార్చి 31 నాటికి పేరుకున్న వడ్డీ. ఖరీఫ్ మొదట్లో తీసుకున్న పంట రుణానికి గడువు ఆ తర్వాతి వేసవి చివరికి వస్తుంది కాబట్టి, ఆ వడ్డీని ఆదాయంగా రాసుకోవడంలో దోషం లేదు. మిగిలిన రూ. 3.5 లక్షలే చిక్కు. గడువు దాటిపోయి, అసలే కట్టని సభ్యుల పేరున పడిన వడ్డీ అది. పుస్తకంలో అది ఆదాయంలాగే కనిపిస్తుంది, పెట్టెలో మాత్రం ఉండదు. అందుకే గడువు మీరిన వడ్డీ మొత్తానికి సమానమైన సొమ్మును లాభం నుంచి పక్కకు తీసి నిల్వగా చూపాలి. అది వసూలైన రోజునే ఆదాయం.

2022లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని 63 వేల సంఘాల లెక్కలను కంప్యూటరీకరించే పథకాన్ని ఆమోదించిన తర్వాత ఈ పని తేలికైందని చాలామంది అనుకుంటారు. సగం నిజమే. వడ్డీని రోజుల లెక్కన కట్టడంలో ఇప్పుడు తేడా రాదు, వెనుకటి మాదిరి ఖాతా ఖాతాకూ కూడికలు వేసుకుంటూ రాత్రిళ్లు కూర్చోనక్కరలేదు. కానీ చనిపోయిన సభ్యుడి ఖాతా మీదైనా, ఊరు విడిచిపోయిన వాడి ఖాతా మీదైనా యంత్రం వడ్డీని నిష్పూచీగా కట్టుకుంటూ పోతుంది. అందులో ఏది వచ్చేది, ఏది రానిది అని ఖాతాలు ఎరిగిన మనిషే విడదీయాలి. ఆడిటరుగారితో నేను ఎక్కువ సమయం కూర్చున్నది ఈ విభజన మీదే. ఆయన ప్రతి గడువు మీరిన ఖాతాకూ చివరి జమ ఎప్పుడు పడిందని అడిగారు. చివరి జమ తేదీని చూస్తే ఆ అప్పులో ప్రాణం ఉన్నదీ లేనిదీ ఇట్టే తెలిసిపోతుంది.

ఈ విభజన లాభాన్ని ఎంతగా మారుస్తుందో చూడండి. వడ్డీ ఆదాయాన్ని రూ. 28.5 లక్షలుగా తీసుకుని, దానికి ఎరువుల అమ్మకం మీద మిగులు, గోదాము అద్దె, బ్యాంకులో ఉంచిన నిధుల మీద వడ్డీ వంటివి రూ. 4.5 లక్షలు కలిపాము. అందులోంచి బ్యాంకుకూ డిపాజిటుదారులకూ కట్టిన వడ్డీ రూ. 20 లక్షలు, జీతాలు, నిర్వహణ ఖర్చులు రూ. 7 లక్షలు, మొండి బాకీలకు కేటాయింపు రూ. 1 లక్ష తీసివేస్తే నికర లాభం రూ. 5 లక్షలు. చేతికి రాని మూడున్నర లక్షలను కూడా కలుపుకుని ఉంటే ఇదే లాభం రూ. 8.5 లక్షలుగా కనిపించేది. అప్పుడు సభలో పెద్ద డివిడెండు ప్రకటించవచ్చు. కానీ పంచవలసింది నగదు. ఆ నగదు లేక బ్యాంకుకు కట్టవలసిన కిస్తీలోంచో, ఎవరో దాచుకున్న డిపాజిట్లలోంచో తీసి పంచవలసి వచ్చేది. ఏ సొసైటీ లెక్కలనైనా చూసేటప్పుడు నేను ముందుగా వెతికేది ఇదే: లాభం ఎంత అని కాక, ఆ లాభంలో రావలసిన వడ్డీ ఎంత ఉందని.

రెండవది వసూళ్లు. ఇక్కడ తేదీ విషయంలోనే సభ్యులు తికమకపడతారు. లాభనష్టాల లెక్క మార్చి 31 నాటిది, వసూళ్ల శాతం జూన్ 30 నాటిది. వ్యవసాయ రుణాల గడువులు వేసవి చివరికి వస్తాయి కాబట్టి సహకార రంగంలో వసూళ్లను జూన్ ఆఖరుకు చూడటం పాత సంప్రదాయం. అందువల్ల ఒకే నివేదికలో రెండు తేదీల అంకెలు పక్కపక్కన కూర్చుంటాయి. ఈ సంగతిని నివేదిక మొదట్లోనే రెండు వాక్యాల్లో చెప్పాను. చెప్పకపోతే ‘అప్పుడు బాకీ అంత అన్నారు, ఇప్పుడు ఇంత అంటున్నారు’ అని ఎవరో ఒకరు లేస్తారు.

ఈ ఏడాది వసూలు కావలసిన మొత్తం, అసలూ వడ్డీ కలిపి, రూ. 2.5 కోట్లు. వసూలైనది రూ. 2.1 కోట్లు, అంటే 84 శాతం. పైవారికి పంపే పట్టికలో ఈ శాతమే వెళుతుంది, అది తప్పుడు అంకె కాదు. అయినా మహాజన సభకు దాన్ని విప్పి చూపాలని నిశ్చయించుకున్నాను. వసూలైన 2.1 కోట్లలో కోటిన్నర రూపాయలు రెన్యువల్ సొమ్ము. అంటే సభ్యుడు గడువు రోజున అసలూ వడ్డీ కట్టి, కొద్ది రోజుల్లోనే మళ్లీ అంతే మొత్తం, లేదా కొంచెం ఎక్కువ, తిరిగి తీసుకున్నాడు. కొత్త పంటకు కొత్త పెట్టుబడి కావాలి కనుక ఇందులో అక్రమం ఏమీ లేదు. కానీ కట్టిన ఆ అసలు ఎక్కడినుంచి వచ్చిందన్నది వేరే ప్రశ్న. ధాన్యం అమ్మిన డబ్బు ఎప్పుడో సంక్రాంతికీ, పిల్లల ఫీజులకూ అయిపోయి ఉంటుంది. గడువు దగ్గర పడేసరికి చాలామంది చేబదులు తెచ్చి కడతారు.

చేబదులు అన్నది పేరుకే. రూ. 60 వేలు నాలుగైదు రోజులకు ఇచ్చినా నూటికి మూడు రూపాయల చొప్పున నెల వడ్డీ మొత్తం ముందే పట్టుకునే వారు ఉన్నారు. అంటే రూ. 1,800. ఇప్పుడు మా వైపు లెక్క చూడండి. రూ. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టిన వారికి కేంద్రం ఇచ్చే ప్రోత్సాహం 3 శాతం, కాబట్టి వారి మీద చివరకు పడేది 4 శాతమే. రూ. 60 వేల మీద ఏడాదికి ఆ 3 శాతం సరిగ్గా రూ. 1,800. ప్రభుత్వం ఇచ్చిన ఆ రాయితీ సాంతం చేబదులు ఇచ్చినవాడి జేబులోకి పోయింది! ఈ లెక్కను సభలో చదివినప్పుడు వెనుక వరుసల్లో నవ్వులు వినిపించాయి. చేబదులు ఇచ్చేవారిలో ఒకరిద్దరు సభ్యులుగా అక్కడే కూర్చుని ఉన్నారని అందరికీ తెలుసు. ధాన్యం డబ్బు చేతికి వచ్చినప్పుడే అప్పులో కొంతైనా కట్టేయవచ్చని, ఆ రోజు నుంచి ఆ మేరకు వడ్డీ ఆగిపోతుందని, గడువు వరకు ఆగి ఒకేసారి కట్టాలన్న నియమం ఎక్కడా లేదని అదే సందర్భంలో చెప్పాను. చాలామందికి ఇది కొత్త సంగతిగా తోచడం నన్నే ఆశ్చర్యపరిచింది.

రెన్యువల్ సొమ్ము తీసివేస్తే నికరంగా తిరిగి వచ్చినది రూ. 60 లక్షలు. అందులోనూ రూ. 22 లక్షలు పంట నుంచి వచ్చినవి కావు, భూమి నుంచి వచ్చినవి. నగరం ఇటువైపు పెరుగుతోంది. లేఅవుట్లకు పొలం అమ్ముకునే సభ్యుడు రిజిస్ట్రేషనుకు ముందు మా దగ్గరకు బాకీ లేదన్న పత్రం కోసం వస్తాడు. ఎందుకంటే ఆ భూమి మీద సొసైటీ అప్పు ఉన్నట్టు రెవెన్యూ రికార్డులో నమోదై ఉంటుంది, అది తొలగితే తప్ప కొనుగోలుదారు ముందుకు రాడు. పదేళ్లుగా నోటీసులు పంపినా పలకని ఒక ఖాతా, పొలం బేరం కుదిరిన వారంలోనే అసలు, వడ్డీ, అపరాధ వడ్డీతో సహా తీరిపోయింది. కార్యదర్శిగా సంతోషించవలసిన రోజే అది. అయితే ఈ వసూలు ఒక్కసారి వచ్చేది. పొలం పోయాక ఆ సభ్యుడు మళ్లీ పంట రుణం తీసుకోడు, వచ్చే ఏడాది అతని నుంచి వడ్డీ ఆదాయమూ ఉండదు. ఇలాంటి వసూలు వల్ల శాతం పెరుగుతుంది కానీ మా అప్పుల పరిమాణం తగ్గుతుంది, దాని వెంట వడ్డీ కూడా తగ్గుతుంది. ఈ ఏటి లాభాన్ని చూసి వచ్చే ఏటికి అంచనా వేసుకోవద్దని నివేదికలో రాసినది ఈ కారణంగానే.

వసూలు కాని రూ. 40 లక్షలను వయసును బట్టి విడగొట్టి చదివాను. ఏడాది లోపువి రూ. 18 లక్షలు. వీటిలో చాలావరకు ఒక పంట దెబ్బతిన్న వారివి, వచ్చి తీరతాయి. ఏడాది నుంచి మూడేళ్లవి రూ. 12 లక్షలు. మూడేళ్లు దాటినవి రూ. 10 లక్షలు. ఈ చివరి రకంలో కొందరు నిజంగా కట్టలేనివారు, కొందరు మాఫీ కోసం ఎదురుచూసేవారు. 2008లో కేంద్రం, 2014 తర్వాత రాష్ట్రం రుణాల నుంచి ఉపశమనం కల్పించిన సంగతి ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. ‘కట్టినవాడు తెలివితక్కువవాడు’ అన్న మాట ప్రతి ఎన్నికల ముందూ వినిపిస్తుంది, ఆ ఏడాది వసూళ్లు మందగిస్తాయి. దీనికి ఉపన్యాసంతో విరుగుడు లేదని నా అభిప్రాయం. గడువు దాటిన నాటి నుంచి 3 శాతం ప్రోత్సాహం పోతుందని, దానికి తోడు అపరాధ వడ్డీ పడుతుందని ఖాతాదారుడి సొంత అంకెలతో కాగితం మీద చూపడమే కొంత పనిచేస్తుంది.

బాకీదారుల పేర్లు సభలో చదవాలని కమిటీలో ఒకరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. జాబితా కార్యాలయంలో ఉంటుంది, సభ్యుడు వచ్చి తన ఖాతా చూసుకోవచ్చు. మైకులో పేరు పిలిస్తే కట్టగలిగినవాడు పంతానికి పోతాడు, కట్టలేనివాడు సభకే రావడం మానేస్తాడు.

ఇక డివిడెండు. నికర లాభం రూ. 5 లక్షల్లో నాలుగో వంతు, అంటే రూ. 1.25 లక్షలు, ముందుగా రిజర్వు నిధికి వెళ్లాలి. చట్టం, బైలాలు చెప్పిన ఇతర నిధులకు మరో రూ. 50 వేలు కేటాయించాము. మిగిలినది రూ. 3.25 లక్షలు. వాటా ధనం రూ. 40 లక్షల మీద 5 శాతం డివిడెండు ఇస్తే రూ. 2 లక్షలు కావాలి. మిగతా రూ. 1.25 లక్షలను గోదాము పైకప్పుకు ఉంచాలన్నది కమిటీ ప్రతిపాదన. వానాకాలంలో ఎరువు బస్తాలు తడవకుండా పట్టాలు కప్పుతున్న సంగతి సభ్యులంతా చూస్తున్నదే.

సభ జరిగింది సొసైటీ ఆవరణలోనే, షామియానా కింద. కోరం కోసం కొంత సేపు వేచి ఉన్నాము. నివేదిక చదవడం పూర్తయ్యాక ప్రశ్నలు మొదలయ్యాయి. ముందు వరుసలోని ఒక యువ సభ్యుడు లేచి, మిగులు మూడు లక్షల పాతిక వేలు కనిపిస్తుంటే 5 శాతమే ఎందుకని, 8 శాతం ఇవ్వవచ్చు కదా అని అడిగాడు. మంచి ప్రశ్న. 8 శాతం అంటే రూ. 3.2 లక్షలు, నిజంగానే సరిపోతుంది, ఇంకా రూ. 5 వేలు మిగులుతాయి. కాదనడానికి నియమం ఏదీ అడ్డురాలేదు. అందుకని లెక్కనే ఇలా చెప్పాను: రూ. 6 వేల వాటా ఉన్న సభ్యుడికి 5 శాతానికి రూ. 300, 8 శాతానికి రూ. 480 వస్తాయి. తేడా రూ. 180. ఆ నూట ఎనభై రూపాయల కోసం గోదాము కప్పును వదులుకుందామా అన్నది సభ నిర్ణయించాలి. భూమి అమ్మకాల వల్ల వచ్చే ఏడాది వడ్డీ తగ్గితే డివిడెండును 8 నుంచి హఠాత్తుగా 2కు దింపవలసి వస్తుందని కూడా గుర్తుచేశాను. అతను కాసేపు పక్కవారితో మాట్లాడుకుని, గోదాము పని ఈ ఏడాదే పూర్తి కావాలన్న షరతును తీర్మానంలో రాయమన్నాడు. అలాగే రాశాము.

తరువాత ఒక పెద్దాయన నిలబడ్డారు. ఆయనది సరిగ్గా రూ. 60 వేల అప్పు, రూ. 6 వేల వాటా.

“సెక్రటరీ బాబూ, ఇన్నేళ్లు మా డబ్బు మీ దగ్గర ఉంచితే మూడొందలా? బస్సుకి, టీకి సరిపోతాది గానీ...”

“తాతా, మూడొందలు నీ వాటా మీద. గడువులోపల కట్టావు కాబట్టి అప్పు మీద నీకు మిగిలింది పద్దెనిమిది వందలు. అది దీనికి ఆరు రెట్లు.”

“ఆ పద్దెనిమిది వందలూ చేబదులోడు పట్టుకుపోయాడని నువ్వే కదా చదివావు?”

సభంతా నవ్వింది. నా దగ్గర జవాబు లేదు, ఆయన లెక్క సరైనదే. సొసైటీ వల్ల సభ్యుడికి కలిగే అసలు మేలు డివిడెండులో కాక తక్కువ వడ్డీలో ఉంటుందని నేను నమ్ముతాను. కానీ ఆ మేలు సభ్యుడి చేతిలో నిలవాలంటే గడువు తేదీ, పంట డబ్బు వచ్చే తేదీ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. కూరగాయలు, పూలు అమ్మేవారు నెల నెలా కొంత కట్టే ఏర్పాటు చేయవచ్చునని, వరి రైతులకు ధాన్యం డబ్బు ఖాతాలో పడిన సమయంలోనే సంఘం గుమాస్తా వెళ్లి జమ కట్టించుకోవాలని అక్కడికక్కడే ప్రతిపాదన వచ్చింది. రెండవదాన్ని తీర్మానంగా నమోదు చేశాము. మొదటిదానికి బ్యాంకు అనుమతి అడగాలి.

డివిడెండు తీర్మానం ఆమోదం పొందిన తర్వాత పంపకం పని మొదలైంది. చదవడం కంటే ఇదే ఓపిక కోరే పని. వాటా ఏడాది పొడవునా ఉన్నవారికే పూర్తి 5 శాతం. అక్టోబరు మొదట్లో అప్పు తీసుకుని అప్పుడే రూ. 6 వేల వాటా కట్టిన సభ్యుడికి ఆరు నెలలకు రూ. 150 మాత్రమే. పక్కింటివాడికి మూడు వందలు పడి తనకు సగమే పడిందని అడగడానికి వచ్చినవారికి రసీదు తేదీ చూపవలసి వచ్చింది. గడువు మీరిన బాకీ ఉన్నవారి డివిడెండును వారి చేతికి ఇవ్వకుండా బాకీలోకే జమ చేశాము. వాటా మీదా డివిడెండు మీదా సంఘానికి ఉండే హక్కు అది. ఆ జమ ముందుగా వడ్డీలోకే వెళుతుంది, అసలు తగ్గదు. ఒకరిద్దరు దీనికి అభ్యంతరం చెప్పారు, ఎక్కువమంది పట్టించుకోలేదు.

మిగిలినవి చనిపోయిన సభ్యుల వాటాలు. ఇలాంటి ఖాతాలు మా దగ్గర చాలానే ఉన్నాయి. నామినీ పేరు రాసి ఉన్నచోట మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్ నకలు తీసుకుని వాటాను బదిలీ చేసి డివిడెండు జమ చేస్తున్నాము. నామినీ లేనిచోట వారసులు ముగ్గురు నలుగురు ఉంటే, మూడు వందల రూపాయల కోసం అందరూ కలిసి సంతకాలు పెట్టడానికి రారు. అలాంటి సొమ్మును చెల్లించని డివిడెండు ఖాతాలో వేరుగా ఉంచి, ఆ పేర్ల జాబితాను నోటీసు బోర్డులో అతికించాము. నామినీ పత్రం ఖాళీగా ఉన్న సభ్యులు తదుపరి అప్పుకు వచ్చినప్పుడు దాన్ని నింపిన తర్వాతే దరఖాస్తు తీసుకోమని గుమాస్తాకు చెప్పాను.